పేటెంట్ ఉంది అని రాసే ముందు



పట్టాలు అందుకున్న మీలో చాలామంది పై చదువుల కోసం ఎస్‌ఓపీ రాసుకుంటున్నారు. పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాల దరఖాస్తులు చదవడం ఎన్నో ఏళ్లుగా నా పనిలో భాగం. అందుకే ఈ పూట ఎస్‌ఓపీలో ఒక్క పేరా గురించే మాట్లాడతాను. మీ పేపరు, మీ పేటెంటు, మీ కాన్ఫరెన్సు గురించి రాసుకునే పేరా అది.

ఆ పేరా తరచూ ఇలా ఉంటుంది: "మిరప ఆకు తెగుళ్లను 98 శాతం కచ్చితత్వంతో గుర్తించే వ్యవస్థను కనిపెట్టాను. దానిపై నాకు పేటెంట్ ఉంది. అంతర్జాతీయ జర్నల్‌లో పేపర్ ప్రచురించాను. అంతర్జాతీయ సదస్సులో ప్రసంగించాను." ఇది ఏ ఒక్కరూ రాసింది కాదు, ఎందరో రాసినవి చదివి నేను కూర్చిన నమూనా. దీని వెనక ఉన్న పని నిజమైనదేనని అనుకుందాం. నలుగురు విద్యార్థులు, ఒక గైడు కలిసి ఒక ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టు చేశారు. చేసిన పని మంచిదే. దాన్ని చెప్పిన తీరులోనే చిక్కు ఉంది.

ముందు పేటెంటు సంగతి చూద్దాం. మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయానికి వెళతాయి. దరఖాస్తు వేయగానే ఒక నంబరు వస్తుంది. అందులో మొదట సంవత్సరం, ఆ తర్వాత చెన్నైని సూచించే 4 అంకె ఉంటాయి. దరఖాస్తు చేరిందనడానికి అది రసీదు. మామూలుగా 18 నెలలు గడిచాక దరఖాస్తు పేటెంట్ జర్నల్‌లో అచ్చవుతుంది. ఫారం 9 వేసి రుసుము కడితే దాదాపు నెలలోనే అచ్చవుతుంది. మన కాలేజీలు ఎక్కువగా ఈ రెండో దారిలో వెళతాయి. ఇంతవరకూ ఆ ఆలోచన కొత్తదా కాదా అని ఎవరూ చూడలేదు. ఫలానావారు ఫలానాది కోరుతున్నారని లోకానికి తెలపడమే ఆ ప్రచురణ పని.

పరిశీలన కావాలంటే ఫారం 18తో విడిగా అడగాలి. 2024 మార్చిలో నిబంధనలు మారాక ఇప్పుడు అందుకు గడువు 31 నెలలు. గడువులోగా అడగకపోతే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అడిగితే ఎగ్జామినర్ పాత సాహిత్యమంతా వెతికి, అభ్యంతరాలతో మొదటి పరీక్షా నివేదిక పంపుతాడు. మన మిరప ఆకు వ్యవస్థకు రాబోయే మొదటి అభ్యంతరం ఏమిటో నేను ఇప్పుడే ఊహించగలను. పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం వట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు, అల్గారిథంకు పేటెంట్ ఇవ్వరు. దానికి జవాబు చెప్పి, మిగతా అభ్యంతరాలనూ దాటాకే పేటెంట్ మంజూరవుతుంది. అప్పుడు వచ్చే పేటెంట్ నంబరు వేరు.

ప్రచురితమైన దరఖాస్తుకు, మంజూరైన పేటెంటుకు మధ్య తేడా తెలియకపోవడం పూర్తిగా మీ తప్పు కాదు. జాతీయ ర్యాంకింగుల కోసం కాలేజీలు ప్రచురితమైన పేటెంట్లనూ లెక్కలో చూపుతాయి. నోటీసు బోర్డు మీద "మన విద్యార్థులకు పేటెంట్" అని చూసిన పిల్లవాడు అదే మాట నమ్ముతాడు. కాని మీ ఎస్‌ఓపీ చదివే ప్రొఫెసర్ మీ దరఖాస్తు నంబరును పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో టైప్ చేస్తే దరఖాస్తు ఏ దశలో ఉందో నిమిషంలో తెలిసిపోతుంది. తన పేరిట పేటెంట్లు ఉన్న మనిషికి ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు. బీటెక్ నాలుగో ఏట వేసిన దరఖాస్తు ఆ ఏడే మంజూరవడం ఎంత అరుదో ఆయనకు తెలుసు.

ఇక 98 శాతం సంగతి. నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్నది ఇక్కడే. 2016లో మొహంతీ, హ్యూస్, సలాథే అనే ముగ్గురు పరిశోధకులు ప్లాంట్‌విలేజ్ అనే సేకరణలోని 54,306 ఆకు ఫొటోలతో ఒక మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. విడిగా పక్కన పెట్టిన ఫొటోల మీద దాని కచ్చితత్వం 99.35 శాతం. అయితే అవన్నీ ఒకే రకం పరిస్థితుల్లో, ఆకును కోసి సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇంటర్నెట్ నుంచి తెచ్చి పరీక్షిస్తే కచ్చితత్వం 31.4 శాతానికి పడిపోయింది. ఈ రెండో అంకెను ఆ రచయితలే బయటపెట్టారు. మొదట విడుదల చేసిన ప్రతిలో దాన్ని సారాంశంలోనే, పెద్ద అంకె పక్కనే రాశారు. ఆ పేపరును ఈనాటికీ ఆ రంగంలో అందరూ చదువుతూనే ఉన్నారు. వాళ్లు చూపిన ఆ పతనమే తర్వాతివారికి పరిశోధన ప్రశ్న అయింది.

మీ 98ని కూడా ఇలాగే విప్పి చూడండి. ఒకే ఆకును నాలుగు కోణాల్లో ఫొటో తీసి, రెండు నేర్పడానికి, రెండు పరీక్షకు పంచారా? అలా చేస్తే మోడల్ తెగులును కాదు, ఆ ఆకును గుర్తుపడుతోంది. ఒక తోట ఫొటోలతో నేర్పి, వేరే మండలంలోని మరో తోట ఫొటోలతో పరీక్షిస్తే ఎంత వచ్చింది? 61 వచ్చిందనుకోండి. ఆ 61ని, అది ఎందుకు తగ్గిందో మీకు తోచిన కారణాన్ని రాసిన దరఖాస్తును నేను పక్కన పెట్టను. ఆ విద్యార్థితో మాట్లాడాలనిపిస్తుంది నాకు.

పేపరు ఏ దశలో ఉందో ఆ మాటే రాయండి. పంపారా, సమీక్షలో ఉందా, అంగీకరించారా, అచ్చయిందా అన్నవి నాలుగు వేర్వేరు సంగతులు. ఆర్కైవ్‌లో పెట్టిన ప్రీప్రింట్‌ను సమీక్షకులు చూడలేదు కాబట్టి ప్రీప్రింట్ అనే చెప్పండి. ఐదుగురిలో మీ పేరు మూడోదైతే, మూడో పేరు అని రాసి, మీరు చేసిందేమిటో చెప్పండి. సదస్సులో పోస్టర్ దగ్గర నిలబడి వివరించి ఉంటే అది పోస్టరే. ప్రధాన సదస్సు వేరు, దానికి అనుబంధంగా జరిగే వర్క్‌షాపు వేరు.

మిగతావాళ్లు పెంచి రాస్తుంటే నేను వెనకబడనా అని మీరు అడగవచ్చు, అది న్యాయమైన భయమే. కాని మీ ఎస్‌ఓపీ ఒంటరిగా వెళ్లదు. దానితోపాటు మీ గైడు రాసిన సిఫారసు లేఖ వెళుతుంది. "డేటా సేకరణలో బాగా సహకరించాడు" అని ఆయన రాసి, "నేను కనిపెట్టాను" అని మీరు రాస్తే, చదివేవాడు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుంటాడు. ఆ తర్వాత మీరు రాసిన మిగతా నిజాలను కూడా అనుమానంగానే చూస్తాడు.

ఆ పేరాను నేనైతే ఇలా రాస్తాను: "మేము నలుగురం మిరపలో ఆకుమచ్చను, ముడతను ఫోను ఫొటోలతో గుర్తించే మోడల్‌పై పనిచేశాం. మోడల్ మేము తయారుచేసింది కాదు, సిద్ధంగా ఉన్నదానికి మా ఫొటోలతో తిరిగి శిక్షణ ఇచ్చాం. తోటలకు వెళ్లి ఫొటోలు తీయడం, వాటికి తెగులు పేర్లు గుర్తించి పెట్టడం, పరీక్ష పద్ధతి రూపొందించడం నా భాగం. అదే తోట ఫొటోలపై 98 శాతం, వేరే తోటపై 61 శాతం వచ్చింది. వెలుతురు, ఆకు వయసు ఇందుకు కారణాలని నా అనుమానం, ఇంకా తేల్చలేదు. దీనిపై మా కాలేజీ వేసిన భారత పేటెంట్ దరఖాస్తు ప్రచురితమైంది, పరిశీలన ఇంకా మొదలుకాలేదు. నేను మూడో రచయితగా ఉన్న పేపరు సమీక్షలో ఉంది. ఒక వర్క్‌షాపులో పోస్టర్ చూపాను."

పంపే ముందు ఈ పేరాను మీ గైడుకు, మీతో పనిచేసిన ముగ్గురికీ చూపించండి. వాళ్లలో ఎవరైనా "ఇది నేను చేసింది కదా" అంటే అక్కడ దిద్దండి. దరఖాస్తు పంపాక పేపరుకు అంగీకారం వస్తే దాచుకోకండి, ఆ విభాగానికి రెండు వాక్యాల ఈమెయిల్ రాయండి, అంగీకార పత్రం జతచేయండి. చాలా విభాగాలు దాన్ని మీ ఫైల్లో చేరుస్తాయి. తిరస్కారం వస్తే, ఇంటర్వ్యూలో అడిగినప్పుడు సమీక్షకులు ఏమన్నారో, దానితో మీరు ఏం మార్చారో చెప్పడానికి సిద్ధంగా ఉండండి.