బాబాయి డబ్బు, బ్యాంకు తేదీ

దండలు, శాలువాలు అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. నేను కంపెనీ సెక్రటరీని. ఈరోజు పట్టాలు పుచ్చుకున్న మీలో చాలామంది సొంతంగా కంపెనీలు పెట్టే ఉత్సాహంలో ఉన్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. మిగిలినవాళ్లు ఆ కంపెనీల లెక్కలు రాస్తారు. అందుకే ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఒకటే ఎంచుకున్నాను.

నా దగ్గరికి వచ్చిన ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ కథ ఇది. పేరు చెప్పను, అంకెలు కూడా సులువుగా ఉండేలా సర్దాను. ఇద్దరు స్నేహితులు కలిసి మామిడి గుజ్జు వ్యాపారం పెట్టారు. ముఖ విలువ 10 రూపాయల చొప్పున లక్ష ఈక్విటీ షేర్లు, అన్నీ వాళ్లిద్దరివే. మెషీను కొనడానికి డబ్బు చాలక ఒకతని బాబాయిని అడిగితే ఆయన 20 లక్షలు కంపెనీ ఖాతాలో వేశారు. ‘షేరుకు 250 లెక్కన నీకు 8,000 షేర్లు బాబాయ్’ అన్నారు వీళ్లు. ‘సరేరా’ అన్నారాయన. మెషీను వచ్చింది, వ్యాపారం పెరిగింది. పదకొండు నెలలైనా బాబాయి డబ్బు మాత్రం బ్యాలెన్స్ షీటులో ‘షేర్ అప్లికేషన్ మనీ, అలాట్‌మెంట్ పెండింగ్’ అనే లైను కిందే ఉండిపోయింది.

నా బెంగంతా ఆ లైను మీదే. డబ్బు బ్యాంకులో పడినంత మాత్రాన ఎవరూ వాటాదారు కారు. బోర్డు సమావేశమై షేర్లు అలాట్ చేస్తూ తీర్మానించాలి, సభ్యుల రిజిస్టరులో పేరు ఎక్కాలి. అప్పటిదాకా ఆయన దరఖాస్తుదారు మాత్రమే. మనవాళ్ల కేసులో దరఖాస్తు కూడా లేదనుకోండి!

2013 కంపెనీల చట్టం ప్రకారం వరుస ఇలా ఉంటుంది. ముందు రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర షేరు ధర కట్టించాలి. వాటాదారులు ప్రత్యేక తీర్మానం చెయ్యాలి. బాబాయి పేరు మీద ఆఫర్ లెటర్ పంపాలి. ఆ తర్వాతే డబ్బు రావాలి, అదీ ఆయన సొంత ఖాతా నుంచి, దీనికోసం విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకి. డబ్బు అందిన 60 రోజుల్లో అలాట్ చెయ్యాలి. అలాట్ చేసిన 15 రోజుల్లో PAS-3 ఫారం రిజిస్ట్రారుకు వెయ్యాలి. అది వేసేదాకా ఆ డబ్బులో రూపాయి ముట్టుకోకూడదు. వీళ్లేమో ముందే మెషీను కొనేశారు.

60 రోజుల్లో అలాట్ చెయ్యకపోతే ఆపై 15 రోజుల్లో డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. లేదంటే 60వ రోజు దాటినప్పటి నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, పైగా ఆ సొమ్ము చట్టం దృష్టిలో డిపాజిట్ అయిపోతుంది. ‘ఇంట్లోవాళ్ల డబ్బే కదా, అప్పు కింద రాసేద్దాం’ అన్నాడు ఆ అబ్బాయి. డైరెక్టరు బంధువు దగ్గర ప్రైవేటు కంపెనీ అప్పు తీసుకోవచ్చు, అది నిజమే. కానీ చట్టం చెప్పే బంధువుల జాబితాలో అమ్మానాన్నలు, భార్యాభర్తలు, పిల్లలు, కోడలు, అల్లుడు, తోబుట్టువులు ఉన్నారు, బాబాయి లేడు. పెళ్లిలో తాంబూలం పట్టుకునేది ఆయనే అయినా సరే, లేడు.

ఆ సమయంలోనే ఒక పెట్టుబడి సంస్థ 2 కోట్లు పెడతామంటూ వచ్చింది. వాళ్ల లాయరు బ్యాలెన్స్ షీటు తెరిచి మొదట వేలు పెట్టింది ఆ లైను మీదే. ఇక్కడ చాలామంది చేసే తెలివితక్కువ పని పాత తేదీతో బోర్డు తీర్మానం రాసుకోవడం. నాయనా, తీర్మానం మీద తేదీ నువ్వు వేస్తావు, బ్యాంకు స్టేట్‌మెంటు మీద తేదీ బ్యాంకు వేస్తుంది, PAS-3 మీద తేదీ ప్రభుత్వ పోర్టల్ వేస్తుంది. మూడూ పక్కపక్కన పెడితే దొంగ తేదీ ఏదో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. అలాంటి పని చేయించుకోవడానికి నా ఆఫీసు మెట్లెక్కొద్దు.

చివరికి 20 లక్షలకు తొమ్మిది నెలల వడ్డీ సుమారు 1 లక్షా 80 వేలు కలిపి ఆయనకు తిరిగి ఇచ్చారు, జరిగిన ఉల్లంఘనకు రిజిస్ట్రారు ముందు సంజాయిషీ చెప్పుకున్నారు. బాబాయి మళ్లీ పెడదామనుకున్నారు. కానీ ఈలోగా షేరు ధర 800 అయింది. అప్పట్లో 8,000 షేర్లు రావలసిన అదే 20 లక్షలకు ఇప్పుడు వచ్చేవి 2,500. ఆయన ఏమీ అనలేదు, పండక్కి రావడం మానేశారట.

ఇప్పుడు ఆ 2 కోట్ల సంగతి. షేరు 800 చొప్పున 25,000 షేర్లు, అంటే కంపెనీలో 20 శాతం. ఆ సంస్థ ఈక్విటీ అడగలేదు, తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు అడిగింది. వాటి మీద డివిడెండ్ 0.01 శాతం అని చూసి మనవాళ్లు సంబరపడ్డారు. డివిడెండ్ కోసం కాదమ్మా వాళ్లు అడిగింది! కంపెనీ అమ్ముడుపోతే ముందు ఎవరి చేతికి డబ్బు వస్తుందన్నది అసలు బేరం.

కంపెనీ 3 కోట్లకే అమ్ముడుపోయిందనుకోండి. అందరివీ ఈక్విటీ షేర్లే అయితే వాళ్లకు 60 లక్షలు, స్నేహితులకు 2 కోట్ల 40 లక్షలు. ప్రిఫరెన్స్ అయితే వాళ్లు పెట్టిన 2 కోట్లు ముందు తీసుకుంటారు, స్నేహితులకు మిగిలేది కోటి. ‘ముందు మా డబ్బు, ఆపైన మిగిలినదాంట్లో మా 20 శాతం’ అని రాసి ఉంటే ఆ కోటిలో ఇంకో 20 లక్షలు పోతాయి. అదే 20 కోట్లకు అమ్మితే, మొదటి రకం షరతులో వాళ్లు ఈక్విటీగా మార్చుకుని 4 కోట్లు తీసుకుంటారు. రెండో రకంలో 5 కోట్ల 60 లక్షలు. ఒప్పందంలో ఒక్క వాక్యం తేడా, కోటీ 60 లక్షలు!

డబ్బు పెట్టేవాడి జాగ్రత్తను నేను తప్పు పట్టను. చదవకుండా సంతకం పెట్టేవాడినే తప్పు పడతాను. మన స్నేహితులు ఆ వాక్యం మీద రెండు వారాలు బేరమాడి మొదటి రకానికి ఒప్పించారు. ఆ తర్వాత చూస్తే మెమోరాండంలో అధీకృత మూలధనం 10 లక్షలే ఉంది, అదీ మొత్తం ఈక్విటీ. ప్రిఫరెన్స్ షేరు ఒక్కటి అలాట్ చెయ్యడానికి కూడా చోటు లేదు. దాన్ని పెంచి, ప్రిఫరెన్స్‌కు విడిగా భాగం రాసి, రేపు ఆ షేర్లు ఈక్విటీగా మారితే పట్టేంత చోటు కూడా ఉంచి, SH-7 ఫారం వేశాకే మిగతా పని నడిచింది.

బాబాయిలాంటి వాళ్లకు ప్రిఫరెన్స్ షేర్లే ఇచ్చి తర్వాత తిరిగి కొనేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. ఇవ్వొచ్చు. మామూలుగా 20 ఏళ్లలోపు వాటిని విమోచనం చెయ్యాలి, కానీ ఆ డబ్బు డివిడెండ్‌కు పనికొచ్చే లాభాల్లోంచో కొత్త షేర్లు అమ్మిన సొమ్ములోంచో రావాలి. లాభం లేని కంపెనీ ఆ మాట ఇవ్వకూడదు. రెండేళ్లు డివిడెండ్ ఎగ్గొడితే ఆ షేర్లకు మామూలుగా అన్ని తీర్మానాల మీదా ఓటు వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

రేపు మీరు ఏ కంపెనీలో చేరినా, ఏ కంపెనీ పెట్టినా, మొదటి వారంలో ఒక పని చెయ్యండి. బ్యాలెన్స్ షీటులో షేర్ అప్లికేషన్ మనీ లైను ఉందేమో చూడండి. ఉంటే ఆ డబ్బు బ్యాంకులో పడిన తేదీ అడిగి, 60 రోజులు లెక్కపెట్టండి. గడువు ఇంకా ఉంటే ఆ రోజే బోర్డు సమావేశానికి నోటీసు పంపించండి.