మెకానిజం కార్డులో ముందేం ఉండాలి, వెనకేం ఉండాలి?

నేను మొదట్లో చేసిన కార్డు ఇది: ముందు "3-మిథైల్-1-బ్యూటీన్ ప్లస్ HBr", వెనక మెకానిజం మొత్తం. ఒక్క బాణం తప్పినా కార్డంతా తప్పే. ఎక్కడ తప్పానో యాప్‌కీ తెలీదు, నాకూ తెలీదు.

ఇప్పుడు దాన్నే మూడు కార్డులు చేస్తాను. ప్రోటాన్ చేరడం ఒకటి, చివర్లో బ్రోమైడ్ అతుక్కోవడం ఒకటి; ఈ రెండూ తేలికే. తిప్పలన్నీ మధ్యదానితోనే. దాని ముందువైపు, రెండో కార్బన్ మీద ప్లస్ ఉన్న సెకండరీ కార్బోకాటయాన్ బొమ్మ, కింద "తర్వాత ఏం జరుగుతుంది, ఎందుకు?" అని మాత్రమే. "హైడ్రైడ్ షిఫ్ట్" అని హెడ్డింగ్ పెట్టారంటే జవాబు మీరే చెప్పేసినట్టు! వెనకవైపు: మూడో కార్బన్ మీది హైడ్రోజన్, ఎలక్ట్రాన్ జంటతో సహా రెండో కార్బన్‌కి జరుగుతుంది. బాణం C–H బంధం నుంచి మొదలవ్వాలి, H అక్షరం నుంచి కాదు. కారణం ఒక్క లైను: టెర్షియరీ కాటయాన్ ఇంకా స్థిరం.

ఇదొక్కటే ఉంటే మాత్రం, ప్లస్ కనిపించగానే ఆలోచించకుండా "షిఫ్ట్" అనేస్తాం. అందుకే ప్రొపీన్ నుంచి వచ్చే కాటయాన్‌కీ అదే ప్రశ్నతో ఇంకో కార్డు పెట్టండి. అక్కడ షిఫ్ట్ జరిగితే ప్రైమరీ అవుతుంది, కాబట్టి జరగదు; బ్రోమైడ్ నేరుగా వచ్చి చేరుతుంది. ఒకసారి బొమ్మని కుడి ఎడమలు తిప్పి కూడా గీసి చూడండి. అప్పుడు తడబడితే, మీకు గుర్తున్నది బొమ్మే.