ఆరు నెలలకు పైసా లెక్క, మూడేళ్లకు అంచనా

(కోడుమూరులో దాతల సమావేశంలో సొసైటీ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల హాస్టల్ ప్లాను కాగితాలు మీ చేతికి అందాయి. మొదటి పేజీ నిండా పనులు, తేదీలు, పేర్లు, రూపాయలు ఉన్నాయి. రెండో పేజీలో సగమే ఉంది. మూడో పేజీలో ఐదారు వాక్యాలకు మించి లేవు. "మొత్తం ఎంతవుతుందో తేల్చకుండా చందా ఎలా అడుగుతారు?" అని మీలో కొందరు పెద్దలు నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే అది. మూడో పేజీని కావాలనే ఖాళీగా ఉంచాం, దానికి కారణం ఈ రోజు చెప్పుకుంటాం.

ఈ పద్ధతిని ఇంజినీర్లు రోలింగ్ వేవ్ ప్లానింగ్ అంటారు. అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినట్టు ప్లాను కూడా విడతలుగా వస్తుంది. దగ్గరలో ఉన్న పనిని పైసాతో సహా రాస్తారు. దూరంగా ఉన్నదాన్ని పేరు, సుమారు ఖర్చు మాత్రం రాసి వదిలేస్తారు. అది దగ్గరపడే కొద్దీ, అప్పటికి తెలిసిన సంగతులతో దాన్నీ పూర్తిగా రాస్తారు. పేరు కొత్తదే గాని మన రైతులకు ఇది పాత అలవాటు. నల్లరేగడి ఉన్న రైతు జూన్‌లో ఖరీఫ్ విత్తనం ఎకరానికి ఎంతో లెక్కగట్టి కొంటాడు. రబీలో శనగ వేద్దామని మనసులో ఉంటుంది కాని, ఎన్ని ఎకరాలో మాత్రం అప్పుడే చెప్పడు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నేలలో పదును ఎంత దిగిందో చూశాకే చెబుతాడు. అతణ్ణి ప్లాను లేనివాడని ఎవరూ అనరు.

పనిని దశలుగా విడగొట్టడమే రోలింగ్ వేవ్ అనుకోవద్దు. హంద్రీ-నీవాను కూడా మల్యాల నుంచి జీడిపల్లి వరకు మొదటి దశ, అక్కడి నుంచి రెండో దశ అని విడగొట్టారు. అన్ని దశలకూ ముందే కొలతలు, ధరలు రాసిపెట్టేసినా అవి దశలే అవుతాయి. మేము చెప్పేది దశల సంగతి కాదు. ఏ దశను ఎంత వివరంగా, ఎప్పుడు రాయాలి అన్నదే ఇక్కడి విషయం.

ఇక మన స్థలం సంగతికి వద్దాం. అది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చేయి పట్టేంత బీటలు ఇస్తుంది. దాని మీద తక్కువ లోతులో పునాది వేస్తే ఏడాదికోసారి ఇల్లంతా పైకి లేచి దిగుతుంది, కిటికీల మూలల్లో ఏటవాలుగా చీలికలు కనబడతాయి. మన ఊరి పాత ఇళ్ల గోడలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు. అయితే ఈ నల్లమట్టి ఎంత లోతు ఉందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. నాలుగైదు అడుగుల కింద గట్టి గరుసు తగిలితే, దాని మీద మామూలు పునాది వేసుకోవచ్చు. తగలకపోతే అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలి. నేలలోకి గుండ్రటి గుంత తవ్వి, అడుగున కుండలాగా వెడల్పు చేసి, కడ్డీలు దించి కాంక్రీటు నింపుతారు. ఆ కుండ వెడల్పు పైనున్న స్తంభానికి రెండున్నర రెట్లు ఉంటుంది. లోతు సాధారణంగా 3.5 మీటర్లకు, అంటే పదకొండున్నర అడుగులకు తగ్గదు. ఎండావానల ప్రభావం చేరని లోతులో ఆ కుండ లంగరులాగా పట్టుకుంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ మన దేశపు రేగడి నేలల కోసం అభివృద్ధి చేసిన విధానం ఇది.

మా సుమారు లెక్క ప్రకారం మామూలు పునాదికి 7 నుంచి 9 లక్షలు, పైల్స్‌కు 11 నుంచి 14 లక్షలు అవుతుంది. రెండింటిలో ఏదో తెలియకుండా ఒకే అంకె రాస్తే అది చూడ్డానికి బాగుంటుంది గాని నిజం కాదు. అందుకే రెండో పేజీలో పునాదికి రెండు లెక్కలు పక్కపక్కన ఉన్నాయి. ఏ లెక్క నిలుస్తుందో మొదటి పేజీలోని పని తేలుస్తుంది.

మొదటి విడత రంజాన్ ఈద్ తరువాత ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుంది. హద్దుల సర్వే, ఎండలు ఉండగానే మూడు చోట్ల పరీక్ష గుంతలు, మట్టి పరీక్ష, ఇంజినీరు డ్రాయింగు, కట్టడానికి అనుమతి, మేస్త్రీల కొటేషన్లు ఇందులో ఉన్నాయి. మొత్తం 2 లక్షలు. ప్రతి పని పక్కన కమిటీ సభ్యుడి పేరు, తేదీ ఉన్నాయి.

మట్టి పరీక్ష ఎలా చేస్తారో కొంచెం చెబుతాం, ఎందుకంటే మీ డబ్బులో పెద్ద భాగం దాని మీద తిరుగుతుంది. ఎండబెట్టి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేస్తారు. ఒకదానిలో నీళ్లు, ఇంకొకదానిలో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. ఒక రోజు గడిచాక రెండింటి మట్టం చూస్తారు. కిరోసిన్ గొట్టంలో 10, నీళ్ల గొట్టంలో 21 ఉందనుకోండి. తేడా 11, అంటే ఉబ్బు 110 శాతం. నూరు దాటిందంటే ఆ మట్టిని బాగా ఉబ్బే రకంగా లెక్కగడతారు. ఈ అంకె, గుంతలో గరుసు తగిలిన లోతు, ఈ రెండూ చేతికొచ్చాక ఇంజినీరు రెండు పునాదుల్లో ఒకదాన్ని కొట్టేస్తాడు. సెప్టెంబరులో రెండో విడతను కడ్డీల తూకంతో సహా రాస్తాం. వానలు వెనక్కి తగ్గాక డిసెంబరులో తవ్వకం. వానలో రేగడి తవ్వితే గుంత గోడలు కూలుతాయి, లారీ దిగబడుతుంది.

ఇప్పుడు మొత్తం అంకె. మొత్తం సుమారు 60 లక్షలు. ఇంత తొలి దశలో వేసే ఉజ్జాయింపు లెక్క 25 శాతం తగ్గవచ్చు, 75 శాతం పెరగవచ్చు అని ప్రాజెక్టు పనివాళ్ల వాడుక. అంటే 45 లక్షల నుంచి కోటీ 5 లక్షల దాకా. ఆ పెద్ద అంకె వినగానే కొందరు ఉలిక్కిపడ్డారు. పూర్తిగా వివరించిన పనికి మాత్రం తేడా అయిదు శాతం తగ్గుదల, పది శాతం పెరుగుదలకు మించకూడదు. కాబట్టి మొదటి విడత 2 లక్షలు లక్షా 90 వేలకూ 2 లక్షల 20 వేలకూ మధ్య ఉండాలి. అది దాటితే మమ్మల్ని అడగండి. 60 లక్షల అంకె విషయంలో మాత్రం, ప్రతి విడతకూ ఆ వెడల్పు తగ్గుతోందా లేదా అన్నది అడగండి.

దూరపు పనిని ముతకగా ఉంచడమంటే దాని గురించి ఏమీ తేల్చకపోవడం కాదు. ఈ పద్ధతిని తెలియక వాడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు. పై అంతస్తు ఎప్పుడు కడతామో, ఏ టైల్స్ వేస్తామో ఇప్పుడు అక్కరలేదు. కాని పై అంతస్తు ఉంటుందా, ఎన్ని ఉంటాయి అన్నది పునాదికి ముందే తేలాలి. కింది అంతస్తు బరువుకే వేసిన పునాది మీద తరువాత ఇంకొకటి ఎక్కించలేము. అందుకే "కింద ఒకటి, పైన ఒకటి, అంతే" అని ఇప్పుడే రాశాం. సెప్టిక్ ట్యాంకు చోటు కూడా ఇప్పుడే గుర్తించాం, దాని కట్టుబడి మూడో పేజీలో ఉన్నా సరే. రేగడి నేలలో పునాది పక్కన నీళ్లు ఊరితే ఆ వైపు మట్టి ఉబ్బుతుంది, ఇల్లు ఒరుగుతుంది. మూడో పేజీలోని ప్రతి పనికీ మేము వేసుకున్న ప్రశ్న ఒక్కటే: దీని కోసం ఈ ఆరు నెలల్లో వెనక్కి తీసుకోలేని పని ఏదైనా చేస్తున్నామా? చేస్తుంటే ఆ ఒక్క నిర్ణయాన్ని మొదటి పేజీకి లాగాం. మిగతాది అక్కడే ఉంది.

డబ్బు వచ్చే తీరు కూడా ఈ పద్ధతికే సరిపోతుంది. మన చందాల్లో ఎక్కువ భాగం రంజాన్‌లో వస్తుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారం, 2027లో రెండో వారం. 2030లోనైతే జనవరిలో ఒకటి, డిసెంబరు చివర్లో ఒకటి, రెండు రంజాన్‌లు మొదలవుతాయి. కాబట్టి పునాది ముగిసే వేళకు వచ్చే రంజాన్ అతియాలతో గోడల విడత మొదలవుతుంది. జకాత్ మాత్రం ఈ లెక్కలో లేదు. హనఫీ ఉలమా చెప్పే ప్రకారం జకాత్ సొమ్ము హక్కుదారుడి చేతికి, అతని సొంతానికి చేరాలి, గోడల్లోకి పోకూడదు. అందుచేత అది పిల్లల ఫీజులకు, భోజనానికి అదే ఏడాది వెళ్లిపోతుంది. రాబోయే విడత కోసం దాన్ని దాచిపెట్టం. రెండు ఖాతాలు వేరు, రసీదు పుస్తకాలు కూడా వేరు.

ఈ పద్ధతి ముసుగులో పని ఎగ్గొట్టవచ్చు, అదీ చెప్పాలి. సెప్టెంబరు 30 వచ్చి కూడా రెండో పేజీలో పునాదికి రెండు లెక్కలు అలాగే ఉంటే, అక్కడ ప్లాను లేదు, వాయిదా ఉంది. ముతకగా రాసిన పని చప్పుడు లేకుండా పెరగడం ఇంకొక గుర్తు. "పై అంతస్తు, నాలుగు గదులు" అని ఉన్నది ఏడాది తిరిగేసరికి కంప్యూటర్ గది, లైబ్రరీతో కలిపి కనబడి, అంకె మాత్రం పాతదే ఉంటుంది. అందుకని మూడో పేజీలో ఖర్చు అంచనా మారవచ్చు గాని గదుల సంఖ్య మారాలంటే సర్వసభ్య సమావేశానికి రావాలని తీర్మానం రాశాం.

అన్ని చోట్లా ఇది పనికిరాదు. బ్యాంకు అప్పుకో, ప్రభుత్వ గ్రాంటుకో వెళ్తే వాళ్లు మొత్తం ఎస్టిమేట్ ముందే అడుగుతారు. ఒకే కాంట్రాక్టరుకు ఒకే ధరకు మొత్తం అప్పగించినా అంతే, తెలియని మట్టికి అతను ముందే ఎక్కువ వేసుకుంటాడు. మనది దాతల సొమ్ము, విడతలుగా వచ్చే సొమ్ము కాబట్టి మనకు ఈ వీలు ఉంది.

పరీక్ష గుంతలు తవ్వే రోజు ముందే ఫోన్ చేసి చెబుతాం. వీలున్నవాళ్లు వచ్చి గరుసు ఎన్ని అడుగుల్లో తగిలిందో కళ్లారా చూడవచ్చు. మట్టి పరీక్ష కాగితం, దాని ప్రకారం తిరగరాసిన రెండో పేజీ అక్టోబరు మొదటి జుమా తరువాత సొసైటీ ఆఫీసు బోర్డు మీద పెడతాం.