ఊరు అంటే ఎవరి ఊరు?

(అనువాద అధ్యయనాల సదస్సులో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



తమిళం నేర్చుకుంటున్న కొత్తలో నాకు జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. చెన్నైలో ఒక గ్రంథాలయంలో పాత పత్రిక సంచికలు కావాలని అడిగాను. అక్కడి ఉద్యోగి తలెత్తి "అవసరమా?" అన్నారు. నాకు చుర్రుమంది. మన దగ్గర ఆ మాట ఆ గొంతుతో అంటే "నీకిప్పుడు అది కావాల్సి వచ్చిందా" అని ఎత్తిపొడుపే కదా. ఆయన అడిగింది మాత్రం "తొందరగా కావాలా?" అని. తమిళంలో అవసరం అంటే తొందర. మనకేమో కావలసి ఉండటం.

ఇలాంటి మాటల పట్టికలు బోలెడు ఉన్నాయి. వాటితో నాకు పెద్ద భయం లేదు. ఎందుకంటే తప్పు చేయగానే వాక్యం ఎక్కడో ఎబ్బెట్టుగా తగులుతుంది, ఆగి నిఘంటువు తీస్తాం. వాక్యం ఎక్కడా తగలకుండా, హాయిగా తెలుగులా చదివించుకుంటూ, అర్థం మాత్రం మాయమైపోయే సందర్భాలే నన్ను భయపెడతాయి. అలాంటి ఒక్క వాక్యం గురించే ఈ రోజు మాట్లాడతాను.

పరిశోధనలో భాగంగా ఉత్తర తమిళనాడులోని ఒక పల్లెలో, పరైయర్ కులానికి చెందిన ఒక పెద్దావిడతో చేసిన సంభాషణను తెలుగులోకి తెస్తున్నాను. ఆమె అన్న మాట ఇది: "ఊర్ల తిరువిళా. కాలనిక్కు తేర్ వరాదు." నేను రాసింది: "ఊళ్ళో తిరునాళ్ళు. కాలనీకి తేరు రాదు." ఊర్ అంటే ఊరు, కాలని అంటే కాలనీ, తేర్ అంటే తేరు. మాటకు మాట సరిపోయింది. ఇంత తేలికైన వాక్యం ఆ రోజంతా తగల్లేదని సంబరపడ్డాను కూడా.

ఆ పేజీని హైదరాబాద్‌లో ఉండే ఒక స్నేహితురాలికి ఇచ్చాను. తమిళం ఒక్క ముక్క రాదు తనకి. చదివి, ఆ ఊరి పటం గీయమన్నాను. తను మధ్యలో గుడి, చుట్టూ ఇళ్ళు గీసింది. బస్టాండు పక్కన, కొత్తగా వెలిసిన ప్లాట్ల మధ్య కాలనీ పెట్టింది. "తేరు ఎందుకు రాదు?" అని అడిగితే, "రోడ్డు ఇరుకేమో, కరెంటు తీగలు అడ్డమేమో" అంది. తన తప్పేం లేదు. నగరంలో పెరిగిన తెలుగు పాఠకురాలికి కాలనీ అంటే ఉద్యోగస్తుల ఇళ్ళు. మనకూ ఎస్సీ కాలనీ అనే మాట ఉంది, నిజమే. కానీ ముందు 'ఎస్సీ' చేరితేనే ఆ అర్థం వస్తుంది. తమిళ పల్లెలో ఆ ముందుమాట అక్కర్లేదు. ఉత్త 'కాలని' అంటేనే దళితులుండే చోటని అందరికీ తెలుసు. ఎంత తెలుసంటే, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఆ మాట అంటరానితనానికి గుర్తుగా మారిందని చెప్పి, ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని శాసనసభలో ప్రకటించారు.

'కాలని' అర్థం తప్పితే 'ఊర్' అర్థం కూడా తప్పుతుంది. ఆవిడ వాక్యంలో ఊర్ అంటే మొత్తం గ్రామం కాదు. అది సవర్ణులుండే భాగం. తిరునాళ్ళు ఆ భాగానిది. ఆమె ఉండేది ఆ 'ఊరి' లోపల కాదు. నా తెలుగు వాక్యంలో మాత్రం కాలనీ కూడా ఊళ్ళో భాగమైపోయింది, తేరు రాకపోవడం రోడ్డు సమస్య అయిపోయింది. ఒక్క మాట కూడా 'తప్పు' రాయకుండానే కులాన్ని తుడిచేశాను.

మరి ఏం రాయాలి? తమిళంలో పాత మాట చేరి. కన్నడంలో దాని తోబుట్టువు కేరి. చెవికి కివి, చెరువుకు కెరె ఎలాగో, చేరికి కేరి అలాగ. కన్నడ కవి సిద్ధలింగయ్య ఆత్మకథ పేరు 'ఊరుకేరి'. తమిళ పాఠకుడికి ఊర్, చేరి అనే జంట వెంటనే అందుతుంది. మనలో కర్నూలు, అనంతపురం వాళ్ళకు గేరి తెలుసు, కానీ అక్కడ గేరి అంటే ఏ కులం వాళ్ళ వీధైనా కావచ్చు. గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ మాటే పట్టదు. పైగా 'చేరి' అని అలాగే ఉంచితే తెలుగులో అది 'చేరుకుని' అయి కూర్చుంటుంది.

మాలపల్లె, మాదిగవాడ అనొచ్చు కదా అని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. ఆవిడ మాల కాదు, మాదిగ కాదు. ఆమె కులానికి ఆమె చరిత్ర ఉంది, దాన్ని మన కులం పేరుతో కప్పేయడం ఇంకో రకం తుడిచివేత. 'పేట' అందామంటే గోదావరి వైపు అర్థమవుతుంది, మిగతా చోట్ల బజారో చిన్న పట్టణమో అనిపిస్తుంది. 'గూడెం' అంటే తెలంగాణలో చాలామందికి ముందు ఆదివాసీలు గుర్తొస్తారు. చివరికి 'వాడ' దగ్గర ఆగాను. ఊరూ వాడా అని పక్కపక్కన పెడితే ఆ రెంటి మధ్య గీత తెలుగులో ఎక్కడైనా కొంత కనిపిస్తుంది.

ఇప్పటి వాక్యం ఇది: "తిరునాళ్ళు ఊళ్ళోవాళ్ళకి. మా వాడకు తేరు రాదు." ఆవిడ 'మా' అనలేదు, నేను చేర్చాను. 'ఊళ్ళో'ను 'ఊళ్ళోవాళ్ళకి' చేశాను. ఆమె మాటలోని పొడితనం కొంత పోయింది, ఒప్పుకుంటాను. సర్కారు కాగితాల గురించి ఆమె మాట్లాడిన చోట మాత్రం కాలనీని కాలనీగానే ఉంచాను. ప్రభుత్వం ఇళ్ళు కట్టించి పెట్టిన పేరే అది. మళ్ళీ పటం గీయిస్తే ఈసారి స్నేహితురాలు వాడను ఊరికి దూరంగా గీసి, మధ్యలో పొలం పెట్టింది.

అదే సంభాషణలో చెవి చేసిన మోసం ఒకటి ఉంది. రికార్డింగు వింటూ ఒక చోట "తిట్టు" అని రాసుకున్నాను. తమిళంలోనూ తిట్టు అంటే తిట్టే, కాబట్టి అనుమానం రాలేదు. మళ్ళీ విన్నప్పుడు అచ్చు దీర్ఘమని తేలింది. అది 'తీట్టు', అంటే మైల. నీళ్ళ దగ్గర తనని తిట్టారని కాదు, మైల అన్నారని ఆవిడ చెప్తోంది. అప్పటి నుంచి అలాంటి చోట్ల టేపు మూడుసార్లు వింటున్నాను.

ఎదురు దిశలోనూ ఇవే గుంటలు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి నవల 'మాలపల్లి' పేరు తమిళ స్నేహితుడికి చెబితే, "సాయంకాలం బడా?" అన్నాడు. వాళ్ళకు మాలై అంటే సాయంత్రం, పళ్ళి అంటే బడి. నవ్వుకున్నాం.

నవ్వలేనిది ఇంకొకటుంది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన రోహిత్ వేముల, మరో నలుగురు విద్యార్థులు ఆరుబయట వేసుకున్న శిబిరానికి పెట్టిన పేరు వెలివాడ. దాన్ని తమిళంలో ఎలా చెప్పాలి? మన వెలిలో వెలివేత ఉంది. తమిళ వెళి అంటే బయట, ఆరుబయలు. అంతరిక్షాన్ని వాళ్ళు విణ్‌వెళి అంటారు. నేటి వాడుకలో వాడై అంటే వాసన, తరచుగా చెడు వాసన. లిపి మాత్రం మార్చి రాస్తే ఆ పేరు ఆ పిల్లలనే అవమానించేలా వినిపించే ప్రమాదముంది. చేరి అంటే చోటు తెలుస్తుంది గానీ వెలివేసిన చెయ్యి కనిపించదు. ప్రస్తుతానికి నా తమిళ ప్రతిలో వెలివాడ అనే ఉంచి, వాక్యంలోనే "ఊరు వెలివేసినవాళ్ళ చేరి" అనే అర్థం వచ్చేలా ఒక పదబంధం చేర్చాను. అది పొడుగైంది, పేరులా పలకడం లేదు. తమిళం తెలిసినవాళ్ళు ఇక్కడ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. మీకు ఇంతకంటే పొట్టి మాట తడితే, ప్రశ్నల సమయంలో ముందు అదే చెప్పండి.