మీ పేరు మీరే చదివితే



ఇంట ఉర్దూ పలికే మీరు సికింద్రాబాదులోని ఈ సాయంకాలపు బడిలో తెలుగు చదవడం నేర్చారు. ఉర్దూ 2017లో తెలంగాణ అంతటికీ రెండవ అధికార భాష అయినా, మన చేతికందే కాగితం తరచు తెలుగులోనే ఉంటుంది.

1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్, నిమిషానికి 30 మాటలు పైకి చదవగలగాలని ప్రమాణం పెట్టింది. నాకైతే ఆ కొలత చాలదు. మీకు అన్నిటికంటే కష్టమైన మాట మీ పేరే కదా! ఉర్దూలో జీమ్, జాల్, జే, జాద్, జోయ్ వేర్వేరు అక్షరాలు. తెలుగులో అన్నిటికీ ఒకే ‘జ’. పేరును విన్నవారు విన్నట్టు రాస్తారు. రేషన్ కార్డులో ‘జుబేదా బేగం’ ఓటర్ల జాబితాలో ‘జబేదా బీ’ అవుతుంది. వేలిముద్ర వేసిన నాడు ఆ తేడా కనబడదు; పోలింగు కేంద్రంలోనో, పింఛను వరుసలోనో తెలుస్తుంది.

మొన్న మీలో ఒకరు జాబితాలో తన పేరు వెదికి, కొమ్ము లేదని వేలు పెట్టి చూపారు. సవరణకు ఫారం 8 నింపి, సంతకం తామే చేశారు. తక్కినవారు కూడా రేపు రెండు కాగితాలూ తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. మీ పేరుతోపాటు తండ్రి లేక భర్త పేరును, వయసును సైతం సరిచూడండి.