డాక్టరుగారి ఉత్తరం



ఈ రోజు మనం ఒక ఉత్తరం చదువుకుందాం. రాజోలు వైపు ఒక ఊళ్లో ఉండే ఒకావిడకు డాక్టరుగారు రాసిన ఉత్తరం ఇది. ఆవిడ వయసు 56 ఏళ్లు. కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. ఆరేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటోంది. పేరు చెప్పవద్దు, ఉత్తరం మాత్రం చదివి వినిపించండి అంది. అందుకే చదువుతున్నాను.

ముందు సంగతి కాస్త చెప్పాలి. ఆవిడ వేసుకునే మాత్ర ఆమ్లోడిపిన్. మొదట 5 ఎమ్జీ ఉండేది. బీపీ తగ్గలేదని మూడు నెలల కిందట 10 ఎమ్జీ చేశారు. కువైట్‌లో ఉన్న కూతురు బీపీ చూసే మిషను పంపింది. డాక్టరుగారు ఒక నోటుపుస్తకం పెట్టి రోజూ పొద్దున, సాయంత్రం అంకెలు రాయమన్నారు. ఆవిడ రాసింది. రెండు వారాల పుస్తకం చూసి డాక్టరుగారు మాత్ర మార్చారు. 10 ఎమ్జీని మళ్లీ 5 చేశారు. పక్కన కొత్త మాత్ర ఒకటి పెట్టారు.

ఆవిడకు అనుమానం వచ్చింది. "బీపీ తగ్గలేదంటారు, మాత్రేమో తగ్గిస్తారు. ఇదేం లెక్కండీ?" అని కబురు పెట్టింది. దానికి జవాబే ఈ ఉత్తరం.

"అమ్మా, నమస్కారం. మీ పుస్తకం పేజీ పేజీ చూశాను. మొదటి వారంలో మొదటి రోజు అంకెలు వదిలేశాను. కొత్తగా మిషను కట్టుకున్న రోజు కంగారుకి బీపీ కాస్త ఎక్కువ చూపిస్తుంది. మిగిలిన ఆరు రోజులూ లెక్క కట్టాను."

ఆ లెక్క మనమూ కడదాం. బీపీకి రెండు అంకెలు ఉంటాయి. పై అంకె మాత్రమే తీసుకుందాం. పొద్దున రాసినవి: 148, 146, 150, 144, 142, 146. ఆరూ కూడితే 876. ఆరుతో భాగిస్తే 146. సాయంత్రం అంకెలు అలాగే చేస్తే 140 వచ్చింది. రెండింటికీ సగటు 143. ఇంట్లో చూసుకునే బీపీ పై అంకె 135 లోపు, కింది అంకె 85 లోపు ఉండాలి. అంటే ఈవిడకి ఇంకా ఎక్కువే. ఒక్క రోజు 150 వచ్చిందని భయపడకూడదు, ఒక్క రోజు 142 వచ్చిందని సంబరపడకూడదు. అందుకే డాక్టర్లు సగటు చూస్తారు.

"మీరు 5 ఎమ్జీ వేసుకునే రోజుల్లో ఇంటి సగటు 147. మాత్ర రెట్టింపు చేస్తే 143కి వచ్చింది. తగ్గింది నాలుగే. ఒకే మాత్రను రెట్టింపు చేస్తే బీపీ రెట్టింపు తగ్గదు. కొంచెమే తగ్గుతుంది. కానీ ఇబ్బంది మాత్రం బాగా పెరుగుతుంది. రెండో రకం మాత్ర కొద్దిగా కలిపితే అంతకంటే ఎక్కువ మేలు."

ఇబ్బంది ఏమిటి? ఆవిడ పుస్తకం అంచున రాసుకుంది: "కాళ్లు వాచాయి. బోదకాలేమో." మన వైపు ఎవరికైనా కాలు వాస్తే ముందు ఆ మాటే వస్తుంది. గోదావరి జిల్లాల్లో బోదకాలు పాత జబ్బు కదా. ఆ మాత్రలు ఇంటింటికీ పంచడం మనందరం చూశాం. ఆవిడ భయం ఉత్తిది అనలేం. డాక్టరుగారు ఏం రాశారో చూడండి.

"బోదకాలు చాలామందికి ఒక కాలికే ముందు వస్తుంది. జ్వరం, గజ్జల్లో బిళ్లలు వస్తాయి. పోను పోను చర్మం మందమవుతుంది. మీకు రెండు పాదాలూ సమానంగా వాచాయి. సాయంత్రానికి ఎక్కువ, పొద్దున లేచేసరికి తక్కువ. జ్వరం లేదు. వాపు మొదలైంది కూడా 10 ఎమ్జీ వేసుకోవడం మొదలయ్యాకే. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అప్పుడు సన్న నాళాల్లోంచి నీరు కాస్త బయటికి ఊరి పాదాల్లో చేరుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బుల్లో కూడా రెండు కాళ్లూ వాస్తాయి. అందుకే ఆ రోజు మీ గుండె, ఊపిరితిత్తులు విన్నాను, మూత్రం పరీక్ష చేయించాను. అవి బాగున్నాయి. 5కి దిగితే రెండు మూడు వారాల్లో వాపు తగ్గాలి. తగ్గకపోతే రండి."

రెండో వారం పేజీలో ఇంకో సంగతి ఉంది. వాపు చూసి ఆవిడ మంగళ, బుధ, గురువారాలు మాత్ర మానేసింది. ఆ మాట దాచలేదు, రాసింది. అంకెలు ఇలా ఉన్నాయి: మంగళవారం 144, బుధవారం 148, గురువారం 154, శుక్రవారం 160.

"మీరు మానిన రోజు ఏమీ కాలేదు. ఎందుకంటే ఈ మాత్ర ఒంట్లోంచి మెల్లగా పోతుంది. 'మానినా బాగానే ఉందే' అనిపిస్తుంది. మూడో రోజుకి, నాలుగో రోజుకి బీపీ ఎక్కింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు. పుస్తకం రాయకపోతే మీకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు."

నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన మాట ఇదే. మాత్ర మానేశామని డాక్టరు దగ్గర చెప్పడానికి మనవాళ్లు జంకుతారు. చెప్పకపోతే ఆయన మందు పనిచేయడం లేదనుకుని ఇంకా పెంచుతారు.

ఇక కొత్త మాత్ర సంగతి. దాని పేరు టెల్మిసార్టాన్, 40 ఎమ్జీ.

"రెండు మాత్రలూ రోజుకి ఒక్కొక్కటి, ఒకే వేళకు వేసుకోండి. కొత్త మాత్ర పూర్తిగా పనిచేయడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వారానికే తగ్గలేదని ఆపవద్దు. పాదాల వాపు తగ్గడానికి కూడా ఇది కొంత సాయం చేస్తుంది. అయితే ఇది కొందరికి రక్తంలో పొటాషియం అనే లవణాన్ని పెంచుతుంది. అది బాగా పెరిగితే గుండెకు ప్రమాదం. రెండు వారాలకు రక్త పరీక్షకు రండి. మీరు రోజూ రెండేసి బొండాలు తాగుతానన్నారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పరీక్ష ఫలితం చూసేదాకా అవి ఆపండి."

కోనసీమ మనిషిని కొబ్బరినీళ్లు ఆపమనడమా అని మీరు నవ్వుతారు. ఆవిడా నవ్విందట. ఇది అందరికీ చెప్పిన మాట కాదండీ. ఈ మాత్ర కొత్తగా మొదలెట్టిన మనిషికి, పరీక్ష అయ్యేదాకా చెప్పిన మాట.

"వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున కొత్త మాత్ర వేసుకోకుండా మాకు కబురు చేయండి. పెదవులు, ముఖం వాస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. ఇంకొక మాట. మీ కోడలికి నెల తప్పిందని చెప్పారు. ఈ కొత్త మాత్ర కడుపులో బిడ్డకు చెరుపు చేస్తుంది. ఎంత తలనొప్పి వచ్చినా, బీపీ వచ్చినా ఆమెకు మీ మాత్ర ఇవ్వవద్దు. ఇంట్లో మిగిలిన 10 ఎమ్జీ అట్టలు తెచ్చి ఇచ్చేయండి. నాలుగు వారాల తర్వాత మళ్లీ ఒక వారం అంకెలు రాసి తీసుకురండి. ఉంటాను."

ఉత్తరం అయిపోయింది. అట్టల సంగతి ఎందుకు రాశారో చూశారా? 5 అట్ట, 10 అట్ట చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పేరు ఇంగ్లీషులో ఉంటుంది, అయినా అంకె మనం చదవగలం. మాత్ర వేసుకునే ముందు ఆ అంకె చూడాలి. ఆవిడ చదువుల కేంద్రంలో నేర్చుకున్న అంకెలతోనే పుస్తకం రాసింది, వాటితోనే అట్ట చూసుకుంటోంది.

మొన్న ఈ ఉత్తరం ఇంకో ఊళ్లో చదివితే ఒక అక్క లేచి అడిగింది. "మా ఆయనా 10 వేసుకుంటున్నాడు. మేమూ సగం చేసేయమంటారా?" అని. వద్దక్కా అన్నాను. మీ ఆయనకి కాళ్లు వాచాయా? లేదంది. బీపీ ఎంత ఉంది? తెలీదంది. అందరికీ వాపు రాదు. 10తోనే బీపీ అదుపులో ఉండి, ఏ ఇబ్బందీ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మార్పు ఆవిడ పుస్తకం చూసి ఆవిడకి చేసింది. మీ ఆయన అంకెలు వారం రోజులు రాయండి, అవి పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి అన్నాను. మిషను లేదంటే, ఆశా కార్యకర్తను గాని, ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను గాని అడిగి చూపించుకోమన్నాను.