మూడు అంకెలు, ఒక ఊపిరి

కోనసీమ నర్సింగ్ విద్యార్థులూ, కొత్తగా డ్యూటీల్లో చేరిన హౌస్ సర్జన్లూ వింటారు, వాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగారు. మత్తు డాక్టరుగా నా జీవితమంతా ఒక చిన్న కాగితం ముక్క చుట్టూ తిరిగింది. ఏబీజీ స్ట్రిప్. మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే చోట సూది గుచ్చి, ధమని నుంచి రక్తం తీసి మిషన్‌లో పెడితే బయటికొచ్చే కాగితం. దాన్ని చదవడం ఎలాగో ఈరోజు చెప్తాను. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. చిన్న లెక్క ఉంది.

ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతాయని, అది రక్తంలో పేరుకుంటే ఆమ్లం పెరుగుతుందని, బైకార్బనేట్ ఆ ఆమ్లానికి విరుగుడని మీరు చదువుకున్నదే. స్ట్రిప్ మీద చాలా అంకెలుంటాయి. ముందు మూడింటినే చూడండి. పీహెచ్ 7.35 నుంచి 7.45 వరకు, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 వరకు, బైకార్బనేట్ 22 నుంచి 26 వరకు ఉండాలి. నడిమి అంకెలు గుర్తుంచుకుంటే చాలు: 7.4, 40, 24.

మొదటి మెట్టు పీహెచ్. 7.35 కన్నా తగ్గితే రక్తం ఆమ్లం వైపు ఒరిగింది. 7.45 దాటితే క్షారం వైపు ఒరిగింది. రెండో మెట్టు, ఈ పని ఎవరిదని అడగడం. రక్తం ఆమ్లంగా ఉండి కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంటే, తప్పు ఊపిరి వైపు ఉంది. ఆమ్లంగా ఉండి బైకార్బనేట్ తగ్గి ఉంటే తప్పు ఒంట్లో ఇంకోచోట ఉంది. మూడో మెట్టు, రెండోవాడు సర్దుకున్నాడా, సర్దుకుంటే ఎంత మేరకు అన్నది. చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. అసలు కథ మూడో మెట్టులో ఉంది.

మన డెల్టా మనిషికి ఇది చేలో నీటిలాగా చెప్పవచ్చు. ఊపిరి సరిగా ఆడక కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోవడమంటే మురుగు కాలువ పూడి చేలో నీరు నిలిచిపోవడం. అది నిమిషాల్లో పెరుగుతుంది. మూత్రపిండాలు బైకార్బనేట్‌ను దాచిపెట్టి గట్టు ఎత్తు పెంచుతాయి. కానీ గట్టు ఒక్క పూటలో లేవదు, మూడు నుంచి అయిదు రోజులు కావాలి. అందుకని గట్టు ఎత్తు చూస్తే నీరు ఎన్నాళ్లుగా నిలిచి ఉందో తెలిసిపోతుంది. లెక్క ఇదీ. కార్బన్ డయాక్సైడ్ 40 మీద ప్రతి 10 పెరిగినప్పుడు, ఇప్పుడే మొదలైన బాధ అయితే బైకార్బనేట్ 1 పెరుగుతుంది. రోజుల తరబడి ఉన్నదైతే దాదాపు 4 పెరుగుతుంది.

ఒక మనిషి కథతో చెప్తాను.

గోదావరి వరదల రోజులు. లంకల్లోకి నీళ్లొస్తే మనుషులతో పాటు పాములూ మెరక వెతుక్కుంటాయి. రాజోలు వైపు నుంచి కొబ్బరి దింపు తీసే కుర్రాణ్ణి తెల్లవారుజామున తీసుకొచ్చారు. రాత్రి నేల మీద చాపేసుకుని పడుకున్నాడు. లేచేసరికి కడుపులో నొప్పి, కళ్లు తెరుద్దామంటే రెప్పలు వాలిపోతున్నాయి. ఒంటి మీద కాటు గుర్తు ఎక్కడా లేదు. కట్లపాము కాటు తరచూ అలాగే ఉంటుంది. నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు. దాని విషం నరం నుంచి కండకు వెళ్లే కబురును ఆపేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి కండలు పడిపోతాయి.

"ఒరే అబ్బాయ్, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టు" అన్నాను. చెడుగుడులో కూత పట్టడం వచ్చిన కుర్రాడు. తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. విరుగుడు మందు మొదలుపెట్టి, ఆక్సిజన్ మాస్కు పెట్టాం. వేలికి తగిలించిన ఆక్సీమీటర్ 98 చూపించింది. ఆ 98 చూసి నేను అరగంట నిశ్చింతగా ఉన్నాను. అది నా తప్పు. ఆక్సిజన్ పెట్టిన మనిషికి ఊపిరి సగానికి పడిపోయినా శాచురేషన్ బాగానే కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్న సంగతి వేలి మీది దీపానికి తెలియదు. కుర్రాడు మత్తుగా జోగడం మొదలుపెట్టాక ఏబీజీ తీయించాను.

ఫలితం ఫోన్లో చెప్తే కేసు షీటులో ఒకరు రాశారు. పీహెచ్ 7.21, కార్బన్ డయాక్సైడ్ 70, బైకార్బనేట్ 37. చూసిన జూనియర్ డాక్టరు పాఠం బాగా చదివినవాడే. "మేడమ్, 30 పెరిగింది, పదికి 4 చొప్పున 12 పెరగాలి, అంటే 36. సరిపోయింది. ఇది పాత ఊపిరితిత్తుల జబ్బు. ఈ 70 ఇతనికి అలవాటే అయ్యుంటుంది, ట్యూబు వేయకుండా చూద్దాం" అన్నాడు.

నేను ఆ షీటు వెనక పెన్సిల్‌తో లెక్క వేశాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క అదే. కార్బన్ డయాక్సైడ్‌ను 24తో గుణించండి. బైకార్బనేట్‌తో భాగించండి. వచ్చేది లీటరు రక్తంలో హైడ్రోజన్ అయాన్లు ఎన్ని నానోమోల్ ఉన్నాయన్న అంకె. ఆరోగ్యవంతుడికి 24 ఇంటూ 40, బై 24. అంటే 40. పీహెచ్ 7.4 అన్నా, 40 నానోమోల్ అన్నా ఒకటే. ఇక 7.3 అంటే 50, 7.2 అంటే 63, 7.1 అంటే దాదాపు 80, 7.0 అంటే 100. ఈ అయిదు అంకెలూ కంఠతా పట్టండి.

ఇప్పుడు కుర్రాడి లెక్క. 24 ఇంటూ 70, 1680. దాన్ని 37తో భాగిస్తే 45. అంటే పీహెచ్ 7.34 ఉండాలి. కాగితం మీద 7.21 ఉంది. ఈ మూడు అంకెలూ ఒకే రక్తంలో ఉండటానికి వీల్లేదు, ఒకటి అబద్ధం. ల్యాబ్‌కి మనిషిని పంపి అసలు స్ట్రిప్ తెప్పించాను. బైకార్బనేట్ 27! ఫోన్లో ఇరవై ఏడు ముప్ఫై ఏడైంది. 1680ని 27తో భాగిస్తే 62. పీహెచ్ 7.21కి అతికినట్టు సరిపోయింది. పదికి 1 చొప్పున 3 పెరిగి 24 కాస్తా 27 అయింది. గట్టు ఇంకా లేవలేదు. ఇది ఈ తెల్లవారుజామున మొదలైన ముప్పు. వెంటనే ట్యూబు వేశాం.

అప్పటికి మాకున్న రెండు వెంటిలేటర్ల మీదా రోగులున్నారు. కుర్రాడి అన్నదమ్ములు నలుగురు వంతులేసుకుని మర్నాటిదాకా అంబు బ్యాగ్ నొక్కారు. ఎంత తీరుగా నొక్కాలో నేర్పించి, పక్కన నర్సును కూర్చోబెట్టాం. గంట తర్వాత స్ట్రిప్‌లో కార్బన్ డయాక్సైడ్ 40కి దిగింది.

ఆ రాత్రి వాళ్ల చేతుల్ని చూస్తుంటే నాకు కోపెన్‌హేగన్ గుర్తొచ్చింది. 1952 ఆగస్టులో ఆ ఊరిని పోలియో ముంచెత్తింది. ఊపిరి కండలు పడిపోయినవాళ్లు బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో రోజూ చనిపోతున్నారు. రక్త పరీక్షలో మొత్తం కార్బన్ డయాక్సైడ్ అనే అంకె చాలా ఎక్కువగా వస్తోంది. అందులో అధిక భాగం బైకార్బనేటే కనుక, ఇది ఏదో అంతుపట్టని క్షార దోషమనుకున్నారు అక్కడి వైద్యులు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు కాదన్నాడు. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయింది, పెరిగిన బైకార్బనేట్ దాని నీడ మాత్రమే అన్నాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర ట్యూబు పెట్టించి, చేత్తో బ్యాగ్ నొక్కి బతికించి చూపించాడు. ఆ తర్వాత నెలల తరబడి వైద్య విద్యార్థులు వందల మంది వంతులేసుకుని బ్యాగులు నొక్కారు. పీహెచ్ అనే కొలతను 1909లో సోరెన్‌సెన్ ప్రతిపాదించింది కూడా ఆ ఊళ్లోనే. అలాంటి ఊళ్లో కూడా, ఒక్క అంకెను విడిగా చదివినంత కాలం రోగి అర్థం కాలేదు.

ఇప్పుడు బాధగా ఒక మాట చెప్పాలి. పెన్సిల్ లెక్క వేసేవాళ్లు కరువైపోతున్నారు. మిషన్ బైకార్బనేట్‌ను తానే లెక్కగట్టి ఇస్తుంది, కొన్ని మిషన్లు జబ్బు పేరు కూడా కింద అచ్చేస్తున్నాయి. ఇంకా సరి చూడటమెందుకు అంటారు. మిషన్ తన లెక్కలో తప్పదు, నిజమే. తప్పేది మిషన్‌కీ మంచానికీ మధ్య ఉన్న దారిలో. ఫోన్లో, చేతిరాతలో, ఒకరి స్ట్రిప్ ఇంకొకరి షీటుకి అంటించడంలో. అర నిమిషం పట్టే లెక్కను వదిలేసి, ఎవరో రాసిన అంకెను నమ్మి మనిషి గొంతులో ట్యూబు వేయాలో వద్దో తేల్చడం వైద్యం కాదు. అలాగే లెక్క సరిపోయినంత మాత్రాన నమూనా మంచిదని కాదు. సిరంజిలో గాలి బుడగ ఉన్నా, ధమని బదులు సిర నుంచి రక్తం వచ్చినా లెక్క చక్కగానే సరిపోతుంది. రక్తం సిరంజిలోకి దానంతటది తన్నుకుంటూ వచ్చిందా అన్నది తీసినవాళ్లే చెప్పాలి.

రెండో వైపు, అంటే బైకార్బనేట్ పడిపోయే జబ్బుల గురించి వివరంగా చెప్దామనుకున్నాను, సమయం దగ్గర పడింది. ఒక్కటి చెప్తాను. సుగర్ ముదిరి డొక్కలెగరేస్తూ ఊపిరి తీసే రోగికి బైకార్బనేట్ 8 ఉందనుకోండి. దానికి ఒకటిన్నర రెట్లు 12, మరో 8 కలిపితే 20. కార్బన్ డయాక్సైడ్ 20కి అటూ ఇటూ రెండులో ఉంటే ఊపిరి తన పని తాను చేస్తున్నట్టు. అది 30 ఉంటే, మామూలు కన్నా తక్కువే కదా అని మురిసిపోకండి. ఆ మనిషి అలసిపోతున్నాడు. ఇక్కడా అదే మూడో మెట్టు: రెండోవాడు సర్దుకోవాల్సినంత సర్దుకున్నాడా?

ఆ కుర్రాడి సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. నాలుగో రోజు రెప్పలెత్తాడు. ఆరో రోజు ట్యూబు తీశాం. మర్నాడు స్ట్రిప్ బాగానే వచ్చింది. 7.4, 40, 24. అయినా మంచం పక్కన నిలబడి, "ఏదీ, కూత పట్టు" అన్నాను. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టి, ఒక్క ఊపిరిలో ముప్ఫై ఒకటి దాకా వెళ్లాడు. అన్నదమ్ములు నలుగురూ పైకే లెక్కపెట్టారు.